చెదలకు లొంగని బెంచీ – 2వ పాఠం: చెట్టు పేరు కాదు, చేవ చూసి కొనాలి

పోయిన పాఠంలో చెదలు నేలలోంచి మట్టి గొట్టాలు కట్టుకుని పైకి ఎలా ఎక్కుతాయో చూశాం. ఇప్పుడు కర్ర ఎంపికకు వద్దాం. మనం చేయబోయేది ఐదడుగుల పొడవు బెంచీ. ఇంటి ముందు, ఎండకూ వానకూ ఉండేది. మందు పూయకుండా పదేళ్లయినా నిలవాలి.

చంద్రగిరి దగ్గర మా బావ వాళ్ల పెరట్లో ఇలాంటి బెంచీయే ఉండేది. టేకు అని కొన్నాడు. రెండో కార్తీకం దాటేసరికి కాళ్ల అంచులు వేలు పెడితే దిగిపోయాయి. "టేకు కాదప్పా ఇది, మోసం చేసినారు" అని తిట్టుకున్నాడు. నేను ఒక కాలును అడ్డంగా కోయించి చూపించాను. అది టేకే. మధ్యలో బంగారు గోధుమ రంగు కర్ర ఇనుములా ఉంది. చెదలు తిన్నది ఒక అంచున ఉన్న పాలిపోయిన భాగాన్ని మాత్రమే.

ఈ పాఠమంతా ఆ కోత ముఖంలోనే ఉంది. ఏ చెట్టుకైనా బెరడు కింద తెల్లచెక్క ఉంటుంది. బతికున్న చెట్టు నీళ్లు మోసేది దాని గుండానే. అందులో పిండి పదార్థం ఉంటుంది కాబట్టి చెదలకూ పుచ్చు పురుగుకూ అది అన్నంలాంటిది. చెట్టు ముదిరేకొద్దీ లోపలి పొరలు నీళ్లు మోయడం మానేస్తాయి. వాటిలో చెట్టు తనే తయారుచేసుకున్న పదార్థాలు చేరతాయి. అదే చేవ. టేకు చేవలో టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉంది, చెదలు దానికి దూరంగా ఉంటాయి. అది తెల్లచెక్కలో ఉండదు. అందుకే ఒకే దుంగలో రెండు రకాల కర్ర ఉందనుకోండి. చెదలకు తట్టుకునే తెల్లచెక్క ఉన్న చెట్టు లేదు, టేకైనా వేపైనా అంతే.

ఇక లెక్క. పొలం గట్టు మీద పెంచిన లేత టేకు దుంగ ఒకటి సామిల్లులో చూశామనుకుందాం. అడ్డం పది అంగుళాలు, పొడవు ఎనిమిది అడుగులు. చుట్టూ తెల్లచెక్క పట్టీ అంగుళంన్నర. అంటే చేవ అడ్డం ఏడు అంగుళాలే. పట్టీ చిన్నదిగా కనిపిస్తుంది కానీ విస్తీర్ణం లెక్క వేరు: ఏడేళ్లు 49, పదిపదులు వంద. దుంగలో చేవ సగం కూడా లేదు.

మిల్లులో చుట్టుకొలతను నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చిస్తారు. ఈ దుంగ చుట్టుకొలత సుమారు 31 అంగుళాలు కాబట్టి దాదాపు 3.4 ఘనపుటడుగులు వస్తుంది. డబ్బు దానికి కడతాం. లోపల చేవ మాత్రం 2.1 ఘనపుటడుగులే. రంపపు పొట్టులో, పక్క ముక్కల్లో మూడో వంతు పైనే పోతుంది. మన బెంచీకి కాళ్లు, పలకలు, అడ్డకర్రలు కలిపి 1.3 ఘనపుటడుగులు కావాలి. అంటే ఆ దుంగంతా బొటాబొటిగా ఒక్క బెంచీకి సరిపోతుంది. "ఇంత పెద్ద దుంగలో రెండు బెంచీలు తీస్తా" అని ఎవరైనా అంటే, రెండోది తెల్లచెక్కతోనే.

ఇంకో సంగతి. లేత చెట్టులో నడిమధ్య బెండు చుట్టూ ఉండే చేవ కూడా అంత గట్టిది కాదు. ముదురు చెట్టులో తెల్లచెక్కను ఆనుకుని ఉండే చేవ బాగా తట్టుకుంటుంది. బెండు కనిపించే ముక్కను కాళ్లకు వాడకండి. అది పగులుతుంది కూడా.

టేకు ధర భరించలేనప్పుడు మన వైపు నాలుగైదు పేర్లు వినిపిస్తాయి. నేను మొదట చూసేది వేగిస, కొందరు ఏగిస అంటారు. చేవ ముదురు గోధుమ రంగు, చెదలకు బాగా తట్టుకుంటుంది. గుర్తుపట్టడం కూడా ఒక సరదా. చిన్న పేళ్లను గాజు గ్లాసు నీళ్లలో రాత్రంతా నానబెట్టి పొద్దున ఎండకు పట్టి చూడండి. నీరు తేనె రంగులోకి మారి, అంచున నీలంగా మెరుస్తుంది. ఆ మెరుపు బొత్తిగా లేకపోతే అనుమానించండి. నల్లమద్ది కూడా మంచిదే కానీ ఆరేటప్పుడు పైన పగుళ్లు ఇస్తుంది, ఓపిక ఉంటేనే. పనస దొరికితే వదలొద్దు. దాని పసుపు చేవకు చెదలు తొందరగా రావు. వేప గురించి జనానికి నమ్మకం ఎక్కువ, ఆకు చేదు కాబట్టి కర్రకు పురుగు పట్టదని. ఎర్రటి చేవ వరకే ఆ నమ్మకం చెల్లుతుంది. పైగా వేప పలక మెలి తిరుగుతుంది. కాళ్లకు సరే, కూర్చునే పలకకు వద్దు.

మామిడి మాత్రం ఆరుబయటికి పనికిరాదు. చిత్తూరు వైపు పాత తోటలు కొట్టినప్పుడల్లా చవకగా దొరుకుతుంది, నునుపు కూడా బాగా వస్తుంది. కానీ దాన్ని చెమ్మ, చెద రెండూ సులువుగా పట్టేస్తాయి. ఇంట్లో అల్మారాకు సరే. ఎర్రచందనం గురించి అడగకండి. శేషాచలం కొండల పక్కనే ఉన్నా అటవీ శాఖ అనుమతి లేకుండా ముక్క దగ్గర పెట్టుకున్నా కేసే. వేగిస, టేకు కొన్నా బిల్లు, రవాణా పర్మిట్ అడిగి తీసుకోండి.

చేవ ఎంత మంచిదైనా కాలు తడి మట్టిలో నిలబడితే ఎక్కువ కాలం ఆగదు. కర్రలో తేమ 20 శాతం దాటకుండా ఉంటే కుళ్లు మొదలవదు. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో నేల తడిగా ఉంటుంది, కాలి కొస నీళ్లు పీల్చుకుంటుంది. అందుకని ప్రతి కాలి కింద నాలుగు అంగుళాల ఎత్తు గ్రానైట్ ముక్క పెట్టండి. చిత్తూరులో రాతి పాలిషింగ్ యూనిట్ల దగ్గర ఇలాంటి తుక్కు దొరుకుతుంది. చెద ఎక్కినా రాయి మీద మట్టి గొట్టం కంటికి కనిపిస్తుంది, గోకేయొచ్చు.

ఈ నెల పని: ఒక అంగుళం మందం, అడుగు పొడవు పుల్లలు నాలుగు చేయించండి. మామిడి, టేకు తెల్లచెక్క, టేకు చేవ, మీరు కొనాలనుకునే కర్ర చేవ. పైకొసన గాట్లతో గుర్తులు పెట్టి, పెరట్లో చెద తిరిగే చోట సగం దాకా పాతండి. పుల్లల మధ్య జానెడు దూరం ఉంచండి. నెలకోసారి పీకి, మట్టి దులిపి, చాకు మొనతో గుచ్చి చూసి మళ్లీ అదే గుంటలో పెట్టండి. మామిడి ముందు పోవాలి. రెండు మూడు నెలలకు కూడా మామిడి పుల్ల చెక్కుచెదరకపోతే మిగతావి గట్టివని సంబరపడకండి. అక్కడ చెద లేదన్నమాట, చోటు మార్చండి. మామిడి, టేకు తెల్లచెక్క తినేసి ఉండి, మీ కర్రలో చాకు దిగకపోతే, అప్పుడు మిల్లుకు వెళ్లి బయానా ఇవ్వొచ్చు.

వచ్చే పాఠంలో ఆరబెట్టడం, ఇనుప మేకు కొడితే నల్లమద్ది ఎందుకు నల్లగా మరకలు పడుతుందో, దానికి బదులు ఏ స్క్రూ వాడాలో చూద్దాం. అప్పటికి మామిడి పుల్ల సంగతి రాసిపెట్టుకోండి, తేదీతో సహా.