గీత గీయడం నేర్చుకుందాం – 4వ భాగం: ఇంటర్‌సెప్ట్ మాట ఎంతవరకు నమ్మొచ్చు?

పోయిన భాగంలో స్లోప్ సంగతి తేల్చేశాం. x ఒక యూనిట్ పెరిగితే y సగటున ఎంత మారుతుందో అది చెబుతుంది. ఇక మిగిలింది ఇంటర్‌సెప్ట్. దాని నిర్వచనం ఒక్క ముక్కే: x సున్నా అయినప్పుడు గీత చెప్పే y విలువ. ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు, ఆ అంకెకు బయట ప్రపంచంలో ఏదైనా అర్థం ఉందా అని అడిగినప్పుడే అసలు చిక్కు.

అర్థం ఉన్న కేసు ముందు చూద్దాం, అది తేలిక. ఒక స్ప్రింగ్‌ని వేలాడదీసి, కింద 10 గ్రాముల నుంచి 100 గ్రాముల దాకా బరువులు తగిలించి, ప్రతిసారీ దాని పొడవు కొలిచి గీత గీశామనుకోండి. ఇంటర్‌సెప్ట్ 12 సెంటీమీటర్లు వచ్చింది. అంటే ఏ బరువూ లేనప్పుడు ఆ స్ప్రింగ్ పొడవు. నమ్మకం లేకపోతే బరువు తీసేసి స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. సున్నా బరువు అనేది నిజంగా ఉండగలిగే పరిస్థితి, మన కొలతలు దానికి దగ్గర్లోనే మొదలయ్యాయి, ఆ మధ్య దూరంలో స్ప్రింగ్ ప్రవర్తన మారదు. ఈ మూడూ కుదిరాయి కాబట్టే ఆ అంకె మాట నిలబడింది.

ఇప్పుడు కుదరని కేసు. R వాడేవాళ్లందరి కంప్యూటర్‌లోనూ `cars` అనే చిన్న డేటా ఉంటుంది, వేరే డౌన్‌లోడ్ అక్కర్లేదు. 1920ల నాటి కార్ల కొలతలు, మొత్తం 50 వరసలు. `speed` అంటే గంటకు మైళ్లలో వేగం, `dist` అంటే బ్రేక్ వేశాక కారు ఆగడానికి పట్టిన దూరం, అడుగుల్లో. గీత గీద్దాం:

```
fit <- lm(dist ~ speed, data = cars)
coef(fit)
```

స్లోప్ 3.93, ఇంటర్‌సెప్ట్ −17.58 వస్తాయి. స్లోప్‌ని చదవడం మీకు వచ్చు: వేగం ఒక మైలు పెరిగితే ఆగే దూరం దాదాపు 4 అడుగులు పెరుగుతోంది. మరి ఇంటర్‌సెప్ట్? నిర్వచనం ప్రకారం చదివితే, కదలకుండా నిలబడి ఉన్న కారుకి బ్రేక్ వేస్తే అది మైనస్ పదిహేడున్నర అడుగుల్లో ఆగుతుంది! వెనక్కి నడుస్తుందేమో మరి.

లెక్క తప్పలేదు. ఆ అంకె ఎక్కణ్ణుంచి పుట్టిందో చూస్తే విషయం తెలుస్తుంది. ఈ పద్ధతిలో గీసిన గీత ఎప్పుడూ x సగటు, y సగటు కలిసే బిందువు గుండా పోతుంది. ఇక్కడ సగటు వేగం 15.4, సగటు దూరం 42.98. గీత ఆ బిందువు దగ్గర మొదలై వెనక్కి 15.4 మైళ్లు నడుస్తుంది, అడుగడుక్కీ 3.93 తగ్గించుకుంటూ. 42.98 నుంచి 15.4 × 3.9324 తీసేస్తే −17.58. అంతే, ఇంటర్‌సెప్ట్‌ని ఎవరూ విడిగా కొలవలేదు, అది సగటు నుంచి స్లోప్ పట్టుకుని వెనక్కి నడిచి చేరిన చోటు. డేటాలో అతి తక్కువ వేగం 4, అంటే సున్నా దగ్గర ఒక్క కొలత కూడా లేదు.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది. వెనక్కి నడిచే దూరం ఎంత ఉంటే స్లోప్‌లోని తప్పు అన్ని రెట్లు పెరిగి ఇంటర్‌సెప్ట్ మీద పడుతుంది. `summary(fit)` కొట్టి చూడండి, స్లోప్ స్టాండర్డ్ ఎర్రర్ 0.4155, ఇంటర్‌సెప్ట్‌ది 6.76. దాదాపు అంతా ఆ 15.4 రెట్ల పుణ్యమే.

సరే, సున్నా నుంచి 4 అంత దూరమేం కాదు కదా, మరి గీత ఇంతగా ఎందుకు తప్పింది? ఎందుకంటే అసలు సంబంధం సరళరేఖ కాదు. బ్రేక్ పట్టాక కారు జారే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది: వేగం రెట్టింపైతే ఆ దూరం నాలుగింతలు. అలాంటి వంపు సున్నా దగ్గర బల్లపరుపుగా మొదలై పోనుపోను నిటారుగా లేస్తుంది. దాని మధ్య భాగానికి ఒక తిన్నని గీత ఆనిస్తే, ఆ గీత వెనక్కి పోయేకొద్దీ వంపుకి కిందుగా దిగిపోయి సున్నా దగ్గరికి వచ్చేసరికి మైనస్‌లో పడుతుంది. కాబట్టి −17.58 కారు గురించి ఏమీ చెప్పకపోయినా, "ఇక్కడ వంపు ఉంది, నన్ను తిన్నగా గీశారు" అని మాత్రం గట్టిగానే చెబుతోంది. నన్నడిగితే ఈ మొత్తం ఫలితంలో పనికొచ్చే కబురు ఇదే.

అనుమానం ఉంటే డేటాలోనే సాక్ష్యం దొరుకుతుంది. వేగం 4 దగ్గర రెండు కొలతలున్నాయి, 2 అడుగులు, 10 అడుగులు. గీత అక్కడ చెప్పేది −1.85. అంటే డేటా ఉన్నచోట కూడా గీత అసాధ్యమైన దూరం చెబుతోంది. అటు పైకొసకి వెళ్లి 24 దగ్గర చూడండి, గీత 76.8 అంటుంది, కొలతలేమో 70, 92, 93, 120. రెండు కొసల్లోనూ చుక్కలు ఎక్కువగా గీతకి పైన తేలుతున్నాయంటే అది వంపు లక్షణం.

ఇక్కడ చాలామంది రెండు పొరపాట్లు చేస్తారు. మొదటిది, `summary`లో ఇంటర్‌సెప్ట్ పక్కన p-value 0.0123, ఒక నక్షత్రం గుర్తు చూసి "ఓహో, ఇది ముఖ్యమైనదే" అనుకోవడం. ఆ పరీక్ష అడిగేది ఒక్కటే, సరళరేఖ నిజమనుకుంటే ఇంటర్‌సెప్ట్ సున్నా అయ్యే వీలుందా అని. సరళరేఖే నిజం కానప్పుడు ఆ జవాబుతో మనకేం పని?

రెండోది ఇంకాస్త ప్రమాదం. "సున్నా వేగంలో దూరం సున్నాయే కదా, ఇంటర్‌సెప్ట్ తీసిపారేద్దాం" అని `dist ~ speed - 1` రాసేస్తారు. వినడానికి సబబుగానే ఉంటుంది, పైగా R-squared 0.651 నుంచి 0.896కి ఎగురుతుంది, ఇంకేం కావాలి! కానీ ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టకూడదు. ఇంటర్‌సెప్ట్ ఉన్నప్పుడు R గీతని సగటుతో పోలుస్తుంది, లేనప్పుడు సున్నాతో పోలుస్తుంది. సున్నాని ఓడించడం పెద్ద ఘనకార్యమేం కాదు. చూడాల్సింది residual standard error: అది 15.38 నుంచి 16.26కి పెరిగింది, అంటే గీత నిజానికి పాడైంది. స్లోప్ కూడా 3.93 నుంచి 2.91కి పడిపోయింది. వంపుని సరిచేయకుండా గీతని బలవంతంగా సున్నాకి కట్టేస్తే ఆ భారం స్లోప్ మోస్తుంది. అర్థం లేని ఇంటర్‌సెప్ట్‌ని చదవడం మానేయండి, అంతేగాని తీసేయకండి, ఎందుకంటే గీత మీ డేటా మధ్యలో సరిగ్గా కూర్చోవడానికి అది కావాలి.

చదవదగిన ఇంటర్‌సెప్ట్ కావాలంటే సున్నాని డేటా మధ్యలోకి జరపొచ్చు:

```
lm(dist ~ I(speed - 15.4), data = cars)
```

ఇప్పుడు స్లోప్ అదే 3.93, ఇంటర్‌సెప్ట్ 42.98. అర్థం: సగటు వేగంతో పోయే కారు ఆగడానికి సగటున 43 అడుగులు పడుతుంది. గీత అంగుళం కూడా కదల్లేదు, మనం దాన్ని చదివే చోటు మారిందంతే. సగటే తీసేయాలని రూలేం లేదు, 20 తీసేస్తే ఇంటర్‌సెప్ట్ 61 వస్తుంది, అది 20 మైళ్ల వేగం దగ్గరి అంచనా. మీ పాఠకులకి ఏ విలువ తెలిసినదో అది తీసేయండి. అయితే ఇలా జరిపితే వంపు పోదు, అది అలాగే ఉంటుంది. వర్గం పదం కలిపి దాని సంగతి 5వ భాగంలో చూద్దాం.

ఈలోగా ఒక పని. R లోనే `women` అనే ఇంకో డేటా ఉంది, 58 నుంచి 72 అంగుళాల ఎత్తున్న ఆడవాళ్ల సగటు బరువులు, పౌండ్లలో. `weight ~ height` గీత గీస్తే ఇంటర్‌సెప్ట్ −87.5 వస్తుంది. కార్ల కేసుకీ దీనికీ ఒక తేడా ఉంది: వేగం సున్నా నిజంగా ఉండగలదు, ఎత్తు సున్నా ఉన్న మనిషి ఉండరు. ఎత్తులోంచి 65 తీసేసి మళ్లీ గీయండి, వచ్చిన కొత్త ఇంటర్‌సెప్ట్ అర్థాన్ని యూనిట్లతో సహా ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి. స్లోప్ రెండుసార్లూ 3.45 రావాలి, రాలేదంటే ఎక్కడో టైపింగ్ తేడా కొట్టినట్టే.