మూడు వేల మందికి చక్కెర పొంగలి: ఇంటి కొలతను ఎలా పెంచాలి

వైకుంఠ ఏకాదశికి గుడిలో ఇంటి కొలతనే గుణించి పొంగలి వండితే అది జావలా తయారవుతుంది. పెద్ద గంగాళంలో నీళ్లు అంతగా ఇగరవు కాబట్టి అలా అవుతుంది.

ముందు దొన్నె నుంచి లెక్క మొదలుపెట్టండి. దొన్నెకు 75 గ్రాములు చాలు. కిలో బియ్యానికి దాదాపు ఆరు కిలోల పొంగలి, అంటే 80 దొన్నెలు వస్తాయి. మూడు వేల మందికి 38 కిలోలు పడుతుంది, 40 పెట్టుకుంటే నిశ్చింత. ఒకేసారి వండితే అడుగంటడం ఖాయం. టెంట్ హౌస్ నుంచి వంద లీటర్ల గంగాళాలు నాలుగు తెచ్చి, ఒక్కోదాంట్లో పది కిలోలు వండాలి.

ఒక్కో గంగాళానికి వేయించిన పెసరపప్పు రెండున్నర కిలోలు, బెల్లం 15, నెయ్యి రెండున్నర. ఇంట్లో కిలో బియ్యానికి ఆరు లీటర్ల నీళ్లు పోస్తాం, ఇక్కడ నాలుగున్నర చొప్పున 45 లీటర్లు చాలు. పక్కన మరో పది లీటర్లు మరుగుతూ ఉండాలి. మెతుకు వేళ్ల మధ్య పూర్తిగా మెదిగాకే, కరిగించి వడకట్టిన బెల్లం పాకం పోయండి. ముందే పోస్తే బియ్యం ఇక ఉడకదు. పచ్చకర్పూరాన్ని మాత్రం గుణించకండి, గంగాళానికి రెండు గ్రాములు మించితే చేదెక్కుతుంది.

కొత్త బియ్యమైతే ఈ నీళ్ల లెక్క తప్పుతుంది. 38 లీటర్లతో మొదలుపెట్టి, చాలకపోతే మరిగే నీళ్లే కలపండి.