పాలిచ్చే తల్లి – మందులు: 4వ పాఠం. జ్వరం రాత్రి, మూడు బిళ్ళలు

కిందటి పాఠంలో మందు షీటు వెనక్కి తిప్పి, కంపెనీ పెట్టిన పేరు కాకుండా కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, దాని పక్కన ఎన్ని ఎం.జి. అన్నది చదవడం నేర్చుకున్నాం. ఇంట్లో ఉన్న షీట్లన్నీ చూసి పేర్లు రాసుకోమన్నాను. ఈ పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి పదిన్నరకి నాకు ఫోన్ వచ్చింది. మా ఆసుపత్రిలోనే కాన్పైన అమ్మాయి. పాపకి నాలుగో నెల, ఆరు కిలోలు. "అక్కా, నూటరెండు జ్వరం, ఒళ్ళంతా నొప్పులు, ముక్కు కారిపోతోంది. మా ఆయన షాపు నుంచి మూడు బిళ్ళలు తెచ్చారు, మూడు పూటలా వేసుకోమన్నారట. అత్తయ్యేమో జ్వరం పాలు పాపకి పడవు, పిండి పారబోయమంటున్నారు. ఏం చేయను?"

ముందు అత్తయ్య గారి మాట సంగతి చూద్దాం. జ్వరానికి పాలు చెడవు, విరగవు. తల్లి ఒళ్ళు కాలుతుంటే పాలు ఓ పిసరు వెచ్చగా రావచ్చు, అంతే. మామూలు జలుబు జ్వరాల్లో ఒళ్ళు వేడెక్కేసరికే ఆ క్రిమి ఇంట్లో ఒకటి రెండు రోజులుగా తిరుగుతూ ఉంటుంది. పాప దాన్ని ఊపిరిలోనో, మీ చేతుల మీదుగానో ఎప్పుడో అందుకునే ఉంటుంది. దాన్ని ఎదుర్కోవడానికి మీ ఒంట్లో తయారయ్యే రక్షణ పదార్థాలు పాలల్లోకి వస్తాయి. ఇవ్వడం మానేస్తే క్రిమి పాపకి అందుతుంది, ఆ రక్షణ మాత్రం అందదు. పైగా పట్టకుండా ఉంచితే రొమ్ములు గడ్డకట్టి, ఆ గడ్డ వల్ల ఇంకో జ్వరం మొదలవుతుంది. నేను చూసిన "తగ్గని జ్వరాల్లో" కొన్ని ఇలా తెచ్చిపెట్టుకున్నవే. చేతులు కడుక్కుని, ముక్కూ నోరూ మూసేలా మాస్కు కట్టుకుని పట్టండి.

ఇక బిళ్ళలు. షీట్ల వెనక ఉన్నది చదవమన్నాను. ఆమె చదివింది, నేను రాసుకున్నాను. మొదటిది పారాసెటమాల్ 650. రెండోది జలుబు బిళ్ళ: పారాసెటమాల్ 500, ఫినైలెఫ్రిన్ 10, క్లోర్‌ఫెనిరమిన్ 2. మూడోది నొప్పుల బిళ్ళ: ఎసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325.

ఇక్కడ ఆగి మీరే కూడండి. మూడింట్లోనూ పారాసెటమాల్ ఉంది. 650, 500, 325 కలిపితే ఒక పూటకి 1475 ఎం.జి. మూడు పూటలకి 4425. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి గరిష్ఠ హద్దు 4000. సన్నగా ఉన్నా, లివర్ జబ్బున్నా హద్దు ఇంకా తక్కువ. మూడు రకాల బిళ్ళలు అనుకున్నవాటిలో ఒకే మందు మూడుసార్లు ఉంది. అది తల్లి లివర్‌కి దెబ్బ. పాపకి పాల ద్వారా ఏమవుతుందో అని మనం కంగారుపడుతుంటే, ప్రమాదం తల్లి పక్కన కూర్చుని ఉంది.

మరి పాప సంగతి? తల్లి 650 బిళ్ళ వేసుకుంటే గంటా రెండు గంటల్లో పాలల్లో మందు అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. అప్పుడు కూడా లీటరు పాలల్లో 10 నుంచి 15 ఎం.జి. మాత్రమే. పాప ఆ సమయంలోనే 120 మిల్లీలీటర్లు తాగిందనుకోండి, లోపలికి వెళ్ళేది రెండు ఎం.జి. లోపే. అదే పాపకి జ్వరమొస్తే డాక్టరు రాసే చుక్కల మందు కిలోకి 10 నుంచి 15 ఎం.జి. లెక్కన, ఆరు కిలోలకి ఒక్క మోతాదుకి 60 నుంచి 90. పాపకి నేరుగా ఇచ్చే మందులో పాల ద్వారా చేరేది ముప్పయ్యో వంతు కూడా కాదు. ఈ లెక్క ఒక్కసారి చేతితో వేసుకుంటే సగం భయం పోతుంది.

జలుబు బిళ్ళ వద్దన్నాను. క్లోర్‌ఫెనిరమిన్ మత్తు తెస్తుంది. తల్లికే కాదు, చిన్న పాపకీ కొంత మగత రావచ్చు. ఫినైలెఫ్రిన్ గురించి పాలిచ్చే తల్లుల్లో పెద్దగా చూసినవాళ్ళు లేరు గానీ, దాని బంధువు సూడోఎఫిడ్రిన్ ఒక్క బిళ్ళకే ఆ రోజు పాలు దాదాపు పావు వంతు తగ్గినట్టు తేలింది. ముక్కుకి ఉప్పునీటి చుక్కలు, ఆవిరి చాలు.

నొప్పుల బిళ్ళ వద్దనడానికి కారణం వేరు. వానాకాలం, ఒళ్ళు నొప్పులు, మంచి జ్వరం: మన ఊళ్ళల్లో డెంగ్యూ కాదని తేలేదాకా ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి ముట్టుకోకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మామూలు రోజుల్లో, కుట్ల నొప్పికో పంటి నొప్పికో అయితే, కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు లేనివాళ్ళకి తిన్నాక ఐబూప్రొఫెన్ పాలిచ్చేటప్పుడు మంచిదే, పాలల్లోకి చేరేది బహు తక్కువ. నిమెసులైడ్ మాత్రం ఏ రోజైనా వద్దు. పన్నెండేళ్ళలోపు పిల్లలకి దాన్ని మన దేశంలో 2011లోనే ఆపేశారు. కోడీన్ ఉన్న దగ్గు మందూ, ట్రమడాల్ ఉన్న బిళ్ళా అంతే. కొందరి ఒంట్లో అవి చాలా వేగంగా ఘాటైన రూపంలోకి మారి పాలల్లోకి చేరతాయి, పాపకి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

ఆ రాత్రి చెప్పింది ఇంతే: పాపకి పట్టేసి, పట్టిన వెంటనే పారాసెటమాల్ 650 ఒకటి. ఇంకొకటి వేసుకోవాలంటే మధ్యలో ఆరు గంటలు గడవాలి. నిజానికి పారాసెటమాల్‌కి పట్టాక వేసుకోవాలన్న పట్టింపు అక్కర్లేదు, ఆ అలవాటు మిగతా మందులకి పనికొస్తుందని చెబుతాను. లంఖణం పరమౌషధం అన్న సామెత పాలిచ్చే తల్లికి వర్తించదు. జావ, చారన్నం, మజ్జిగ, ఏది దిగితే అది. మూత్రం ముదురు పసుపుగా ఉందంటే తాగింది చాలలేదని గుర్తు.

ఎక్కడ ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఆసుపత్రికి పరిగెత్తాలో కూడా ఆమెకి చెప్పాను. కాన్పై ఆరు వారాలు దాటని తల్లికి జ్వరమొస్తే ఇంట్లో బిళ్ళతో సరిపెట్టకూడదు, గర్భసంచిలోనో కుట్లలోనో చీము కావచ్చు, అదే రోజు చూపించాలి. ఎవరికైనా రెండు రోజులు దాటిన జ్వరం, ఆగని వాంతులు, విపరీతమైన కడుపు నొప్పి, చిగుళ్ళ నుంచి రక్తం, ఒంటి మీద ఎర్ర మచ్చలు కనిపిస్తే ఆగొద్దు. పాప పాలకి లేవనంత మగతగా ఉన్నా, రోజుకి ఆరు కన్నా తక్కువసార్లు తడిపినా అంతే. మూడు నెలల్లోపు పసికందుకి థర్మామీటర్లో 100.4 చూపిస్తే, ఏ చుక్కలూ వేయకుండా నేరుగా పిల్లల డాక్టరు దగ్గరికి.

మర్నాడు రక్తపరీక్షలో డెంగ్యూ లేదని వచ్చింది. మూడో రోజుకి జ్వరం దిగింది. పారబోసిన పాలు మాత్రం ఒక్క పూటవి, నాకు ఫోన్ చేయకముందువి.

ఈ వారం పని: మీ కాగితం మీద రాసుకున్న షీట్లలో పారాసెటమాల్ ఎన్నింట్లో ఉందో గీత గీయండి. జ్వరం, జలుబు, నొప్పి బిళ్ళలు ఒకే పూట వేసుకుంటే మొత్తం ఎంతవుతుందో, మూడు పూటలకి ఎంతో రాయండి. వచ్చే పాఠంలో రొమ్ము గడ్డకట్టి వచ్చే జ్వరం, దానికిచ్చే అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్ వేసుకుంటే పాప విరేచనాల్లో వచ్చే మార్పు చూద్దాం.