గొలుసు బిల్లు మీ లెక్కతో కలవడం లేదా? తేడా ఎంతో చూస్తే కారణం దొరుకుతుంది

బంగారు గొలుసు ధర లెక్క నాలుగు అంకెల పని: బరువు, ఆ రోజు గ్రాము రేటు, మేకింగ్ శాతం, పన్ను శాతం. అయినా ఇంట్లో వేసుకున్న లెక్కకీ కౌంటర్ దగ్గర ఇచ్చిన బిల్లుకీ పొంతన కుదరక టెన్షన్ పడేవాళ్లు చాలామంది. అలాంటప్పుడు లెక్కంతా మొదటి నుంచి మళ్లీ వేయడం కన్నా, ముందు తేడా ఎంత వచ్చిందో చూడండి. ఏ తప్పు జరిగిందో చాలాసార్లు ఆ తేడాయే చెబుతుంది.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. గొలుసు 12.500 గ్రాములు, గ్రాము రేటు 8,000 రూపాయలు, మేకింగ్ 12 శాతం, పన్ను 3 శాతం అనుకోండి. బంగారం విలువ 1,00,000. దాని మీద మేకింగ్ 12,000. రెండూ కలిపి 1,12,000. ఈ మొత్తం మీద పన్ను 3,360. కట్టాల్సింది 1,15,360. ఒక్క ముక్కలో చెప్పాలంటే బంగారం విలువని 1.12తో, ఆ వచ్చినదాన్ని 1.03తో హెచ్చించాలి. రెండూ కలిస్తే 1.1536. ఈ అంకె కాగితం మీద రాసి పెట్టుకోండి, మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

సమస్య: బిల్లు మీ లెక్క కన్నా 360 రూపాయలు ఎక్కువ ఉంది

మా అక్క గొలుసు కొన్నప్పుడు తేడా ఇలాగే వచ్చింది. బిల్లు వెనక పెన్సిల్‌తో "12 + 3 = 15" అని రాసి, లక్షకి 15 శాతం కలిపి 1,15,000 అని తేల్చింది. షాపువాళ్లు ఎక్కువ వేశారని గట్టిగా నమ్మింది కూడా. నిజానికి బిల్లు సరిగ్గానే ఉంది.

కారణం: పన్ను బంగారం మీద మాత్రమే కాదు, మేకింగ్ మీద కూడా పడుతుంది. 12,000 మీద 3 శాతం అంటే సరిగ్గా 360. శాతాలు రెండూ కూడేసినా, పన్నుని బంగారం విలువ మీద మాత్రమే వేసినా వచ్చేది అదే 1,15,000. చూడటానికి రెండు వేర్వేరు పొరపాట్లలా ఉంటాయి గానీ లోపల జరిగింది ఒక్కటే.

పరిష్కారం: శాతాలు కూడకండి, ఒకదాని తర్వాత ఒకటి హెచ్చించండి. తేడా మేకింగ్ మొత్తాన్ని పన్ను శాతంతో హెచ్చించినంత ఉంటే ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

సమస్య: తేడా వందల్లో కాదు, దాదాపు తొమ్మిది శాతం ఉంది

ఇది కచ్చితంగా స్వచ్ఛత దగ్గర చూడాల్సిన తేడా. 24 క్యారెట్లు మేలిమి బంగారం. 22 క్యారెట్లంటే 24 భాగాల్లో 22 భాగాలు బంగారం, మిగతాది రాగి, వెండి లాంటి లోహాలు. నగ మీద 916 అని ఉండేది ఇందుకే: వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం. 24ని 22తో భాగిస్తే 1.09 వస్తుంది. అంటే 22 క్యారెట్ల గొలుసుకి 24 క్యారెట్ల రేటు వేస్తే ధర సుమారు తొమ్మిది శాతం పెరుగుతుంది. మన ఉదాహరణలో గ్రాము రేటు 8,000 కాస్తా 8,727 అవుతుంది, బిల్లు పదివేలకి పైగా ఉబ్బుతుంది.

పరిష్కారం: బిల్లులో రేటు పక్కన ఎన్ని క్యారెట్లని రాశారో చూడండి, నగ మీది ముద్రతో పోల్చండి. తప్పు మీవైపూ ఉండొచ్చు. వార్తల్లో విన్నది 24 క్యారెట్ల రేటైతే మీ లెక్కే ఎక్కువ వస్తుంది. ఇంకో మాట. 24 క్యారెట్ల రేటుని 0.916తో హెచ్చించి లెక్కవేసేవాళ్లు ఉన్నారు, అదీ సరైన పద్ధతే. కానీ చేతిలో ఉన్నది ఇప్పటికే 22 క్యారెట్ల రేటైతే మళ్లీ 0.916 వేయకూడదు.

సమస్య: రేటూ శాతాలూ కలిశాయి, అయినా కొన్ని వేలు తేడా

ఇప్పుడు బరువు చూడాలి. లాకెట్‌లో రాళ్లో, మధ్యలో పూసలో ఉన్న గొలుసుని అలాగే త్రాసు మీద పెడితే వాటి బరువు కూడా బంగారం రేటుకే వెళ్లిపోతుంది. ఇది పట్టుకోవడానికి తేలిక దారి ఉంది. ఒక గ్రాముకి అన్నీ కలుపుకుని పడే ధర 8,000ని 1.1536తో హెచ్చిస్తే వస్తుంది: 9,228.80. వచ్చిన తేడాని దీంతో భాగించండి. తేడా 5,537 అయితే జవాబు 0.6 గ్రాములు. లాకెట్ రాళ్ల బరువు అంతే ఉంటే సంగతి తేలినట్టే.

ఇక్కడ ఒక మాట మనల్ని తికమక పెడుతుంది. రాళ్ల బరువు చెప్పేటప్పుడు కూడా క్యారెట్ అనే అంటారు, కానీ అది స్వచ్ఛత కాదు, తూకం. ఒక క్యారెట్ 0.2 గ్రాములు. కాబట్టి "3 క్యారెట్ల రాళ్లు" అంటే 0.6 గ్రాములు తీసేయాలి.

పరిష్కారం: బిల్లులో మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బరువు మూడూ విడివిడిగా రాయించండి. రేటు నికర బరువుకే పడాలి, రాళ్లకి వెల ఉంటే అది వేరే వరసలో ఉండాలి.

సమస్య: మేకింగ్ శాతం చెప్పినంతే ఉంది, కానీ మొత్తం మాత్రం ఎక్కువ

బిల్లులో తరుగు అనే వరస ఉందేమో చూడండి. మన ఉదాహరణలో మేకింగ్ ఒక్క శాతం పెరిగితే 1,000 రూపాయలు, దాని మీద పన్నుతో 1,030. తేడాని 1,030తో భాగిస్తే ఎన్ని శాతాలు అదనంగా పడ్డాయో తెలుస్తుంది. ఒక్కోసారి "తరుగు 8, మేకింగ్ 4" అని విడగొట్టి చెబుతారు. వినడానికి అది 12 శాతమే. తరుగు కలిపాక వచ్చిన 1,08,000 మీద మేకింగ్ వేస్తే మాత్రం 1,12,320 అవుతుంది, పన్నుకి ముందే 320 ఎక్కువ. బేరమాడేటప్పుడు రెండూ కలిపి బంగారం విలువలో ఎంత శాతమో అడగండి.

సమస్య: చిన్న తేడా, దేనికీ అతకడం లేదు

తేడా 721 రూపాయలు అనుకుందాం. దీన్ని గ్రాము ధరతో భాగిస్తే 0.078 గ్రాములు, 1,030తో భాగిస్తే 0.7 శాతం. రెండూ ఎవరూ కావాలని వేసే అంకెలు కావు. ఇప్పుడు బరువుని 1.1536తో హెచ్చించండి, 14.42 వస్తుంది. గ్రాము రేటు ఒక్క రూపాయి మారితే బిల్లు మారేది అంత. 721ని 14.42తో భాగిస్తే సరిగ్గా 50. అంటే మీరు రేటు చూసిన వేళకీ బిల్లు కొట్టిన వేళకీ మధ్య గ్రాముకి 50 రూపాయలు పెరిగింది. ఇలా ఏ భాగహారం రౌండ్ ఫిగర్ ఇస్తుందో కారణం అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. ఇది ఆచూకీ మాత్రమే, రుజువు కాదు. ఆ వరస బిల్లులో చూసి నిర్ధారించుకోవాలి.

తేడా ముప్ఫై, నలభై రూపాయలే అయితే తూకం మూడో దశాంశం దాకా తీసుకున్నారో లేదో చూడండి. 12.496ని 12.5 అనుకుంటే 37 రూపాయలు మారతాయి.

స్ప్రెడ్‌షీట్‌లో వేసేవాళ్లకి ఈ సూత్రం చాలు. బరువు, రేటు, మేకింగ్, పన్ను ఈ వరసలో B1 నుంచి B4 దాకా గడుల్లో పెట్టండి:

```
=ROUND(B1*B2*(1+B3/100)*(1+B4/100),2)
```

జవాబు 1,00,150.04 వచ్చిందంటే మేకింగ్, పన్ను గడులు శాతం ఫార్మాట్‌లో ఉన్నాయి, వందతో రెండుసార్లు భాగించినట్టయింది. ఆ గడుల్ని మామూలు అంకెలుగా మార్చి 12, 3 అని మళ్లీ టైప్ చేస్తే 1,15,360 వస్తుంది.