బోటెక్కే ముందే చీము పన్ను సంగతి తేల్చుకోండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపేస్తారు కదా, మన ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ వరసగా కట్టేసుంటాయి, వలలు బాగుచేసుకోవడం, ఇంజిను విప్పించడం, రంగులెయ్యడం అన్నీ ఈ రెండు నెలల్లోనే. ఇంజినుకి అంత చేసేవాళ్ళు నోట్లో ఒక పన్ను ఆర్నెల్లుగా సలుపుతుంటే మాత్రం "వచ్చాక చూద్దాం లే" అంటారు. నేను డెంటిస్టుని, మాదీ వేటకెళ్ళే ఇల్లే. ఇంకా మూడు వారాలు టైముంది కాబట్టి ఇప్పుడే రాస్తున్నా.

పోయినేడాది మా బావకి జరిగింది చెప్తాను, ఆయన్ని అడిగే రాస్తున్నాలెండి. ఫిబ్రవరిలో ఎడమ పక్క కింద దవడ పన్ను, చివరి నుంచి రెండోది, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది, రాత్రిళ్ళు నిద్ర లేదు. ఒకరోజు పొద్దున లేచేసరికి నొప్పి మాయం. తగ్గిపోయిందనుకున్నాడు. తగ్గలేదు, పన్ను లోపలి నరం చచ్చిపోయింది, చచ్చిన నరం నొప్పి చెప్పదు కదా. మూడు వారాలకి ఆ పన్ను మిగతా వాటికంటే ఎత్తుగా ఉన్నట్టు అనిపించడం మొదలైంది, అన్నం నమిలితే ముందు అదే తగులుతోంది, దాని పక్క చిగురు మీద చిన్న కురుపు. మెడికల్ షాపుకెళ్ళి "పన్ను నొప్పి కోర్సు" అన్నాడు, అయిదు రోజుల యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు, మూడో రోజుకి వాపు దిగింది. ఏప్రిల్‌లో మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే కోర్సు. మే నెలాఖరులో ఇంకోసారి. ఇంట్లో మరదలు డెంటిస్టు, నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు, ఎందుకంటే చెప్తే పీకేస్తానని భయం! జూన్ 15న ఐసు, డీజిలు, బియ్యం ఎక్కించుకుని వెళ్ళిపోయాడు, మిగిలిన స్ట్రిప్ జేబులో పెట్టుకుని.

ఏడో రోజు దవడ వాచింది. జేబులో మాత్రలు వేసుకున్నాడు, ఈసారి మూడో రోజుకి దిగలేదు సరికదా వాపు దవడ ఎముక అంచు దాటి గొంతు కిందకి జారింది, నోట్లో రెండు వేళ్ళు కూడా దూరట్లేదు, గంజి మింగడం కష్టం, జ్వరం. బోటు తిప్పారు, ఒడ్డుకి రావడానికే ఒకటిన్నర రోజు పట్టింది. ఆసుపత్రిలో దవడ కింద బయట నుంచి కోసి చీము తీసి, గొట్టం పెట్టి, ఆ పన్ను పీకేశారు. అంతకుముందు మూడు కోర్సులు చెయ్యలేని పని ఆ ఒక్క పూటలో అయింది. ఇంటికి పంపేసరికి వారం.

మాత్రలెందుకు పనిచెయ్యలేదంటారా? మందు ఎక్కడికెళ్ళాలన్నా రక్తంలోనే వెళ్ళాలి. పన్ను లోపల నరం, రక్తనాళాలు చచ్చిపోయాక ఆ సన్నటి గొట్టాల్లోకి రక్తమే వెళ్ళదు, ఇక మందు ఎలా వెళ్తుంది? వేరు చివర చీము సంచిలోకి కూడా అంతే, పక్కనున్న కండలోకి వెళ్ళినంత బాగా ఆ సంచి మధ్యలోకి వెళ్ళదు. అంటే మాత్ర చేసేదేంటంటే చుట్టుపక్కలకి పాకిన ఇన్ఫెక్షన్‌ని వెనక్కి తోస్తుంది, వాపు దిగుతుంది, మనకి నయమైనట్టు ఉంటుంది, కానీ పన్ను లోపల క్రిములు అలాగే కూర్చుని ఉంటాయి, కోర్సు అయిపోగానే మళ్ళీ మొదలు. బోటు అడుగున చిల్లు పడితే నీళ్ళు తోడుకుంటూ ఒడ్డు దాకా రావచ్చు, తోడటం మానేస్తే మునుగుతాం కూడా, అయినా తోడటాన్ని రిపేరు అనం కదా. ఇక్కడ రిపేరంటే మూడే: పన్నుకి పైనుంచి రంధ్రం పెట్టి లోపల శుభ్రం చేసే రూట్ కెనాల్, లేదా చిగురు దగ్గర కోసి చీము వదిలెయ్యడం, లేదా పన్ను పీకెయ్యడం. కోసి వదిలేసినా తర్వాత మిగతా రెండింట్లో ఒకటి చెయ్యాల్సిందే.

అలాగని మాత్రలు అస్సలు వద్దని కాదు. జ్వరం ఉన్నా, వాపు పాకుతున్నా, దవడ కింద బిళ్ళలు కట్టినా, ఒంట్లో బాగా నీరసంగా ఉన్నా మేమే రాస్తాం, పెన్సిలిన్ పడేవాళ్ళకి మామూలుగా అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు, మూడో రోజుకి రమ్మని చెప్పి చూస్తాం. పన్నుకి చెయ్యాల్సింది చేస్తూ పక్కన ఇచ్చే మందు అది. నొప్పి ఒక్కటే ఉండి వాపూ జ్వరం లేకపోతే, పన్నుకి చికిత్స చెయ్యగలిగినప్పుడు యాంటీబయాటిక్ అక్కర్లేదు, చాలామందికి ఇది నచ్చదు, "మాత్రలు రాయలేదు, ఏం డాక్టరమ్మా" అంటారు.

ఇంకో మాట ప్రతి ఇంట్లో వింటాను, "వాపు ఉండగా పన్ను పీకకూడదు, ముందు కోర్సు వాడి వాపు దిగాక రండి" అని. కొంతమంది డాక్టర్లు కూడా ఇదే అంటారు. వాపు ఉండగా పీకితే విషం తలకెక్కుతుందనేది నిజం కాదు, చీముకి దారి దొరికితే వాపు త్వరగా దిగుతుంది. ఆ మాట వెనక నిజమైన ఇబ్బంది వేరే ఉంది: చీమున్న చోట ఆమ్లం ఎక్కువ, అక్కడే మత్తు ఇంజెక్షన్ ఇస్తే సరిగ్గా పట్టదు. అందుకే కింది పళ్ళకి వెనక, దవడ లోపలి వైపు, నరం ఎముకలోకి వెళ్ళే చోట ఇస్తాం, చాలాసార్లు మత్తు బాగానే పట్టేస్తుంది, ఒక్కోసారి రెండోది ఇవ్వాల్సొస్తుంది. ఇక నోరే తెరుచుకోకపోతే అక్కడికి సూది కూడా వెళ్ళదు, అప్పుడు పెద్దాసుపత్రి పనే. అంటే నోరు బిగుసుకోకముందే రావాలి, వాపు దిగేదాకా ఆగడం కాదు.

కింది చివరి రెండు దవడ పళ్ళంటే నాకు ఎందుకంత భయమో కూడా చెప్పాలి. కింది దవడ లోపలి వైపు నాలుక కింద ఒక కండ చాపలా పరుచుకుని ఉంటుంది. ముందు పళ్ళ వేర్లు ఆ చాపకి పైన ఆగిపోతాయి, వెనక రెండు పళ్ళ వేర్లు చాలామందిలో దాని కిందకి దిగుతాయి. అక్కడ ఎముక కూడా లోపలి వైపు పలచన. అందుకే ఆ పళ్ళ చీము నోట్లోకి పగలకుండా దవడ కిందకి, అక్కణ్ణుంచి మెడలోకి వెళ్తుంది. రెండు వైపులా పాకితే నాలుకని పైకి తోసేసి ఊపిరి దారి మూసేస్తుంది, దాన్ని లుడ్విగ్స్ ఆంజైనా అంటారు, గుండె ఆంజైనాతో సంబంధం లేదు. పై పన్నైతే బుగ్గ వాచి కంటి దాకా పోతుంది, అదీ తక్కువదేం కాదు.

సరే, ఈ మూడు వారాల్లో ఏం చెయ్యాలి? ముందు అద్దంలో చూసుకోండి, చిగురు మీద వచ్చి పోయే కురుపు ఉందా, అది పగిలినప్పుడు నోట్లో ఉప్పగా, చెడు రుచిగా ఉంటుందా. నొప్పి లేకపోవడం లెక్కలోకి రాదు, కురుపు నుంచి చీము కారిపోతున్నంతకాలం నొప్పి ఉండదు. వేలి గోటితో ఒక్కో పన్ను మీద తట్టండి, ఒక్కటే తేడాగా తగిలితే ఎక్స్‌రే తీయించాల్సిందే. ఈ ఆర్నెల్లలో ఒకే పన్నుకి రెండుసార్లు కోర్సు వాడి ఉంటే ఇక ఏ పరీక్షా అక్కర్లేదు, నేరుగా వచ్చెయ్యండి.

పీకించుకునేదైతే బోటు కదలడానికి కనీసం వారం, కుదిరితే పది రోజులు ముందు. పీకిన మూడో నాలుగో రోజు కొందరికి ఆ గుంటలో కట్టిన రక్తం గడ్డ ఊడిపోయి ఎముక బయటపడి ఘోరమైన నొప్పి వస్తుంది, చుట్ట, బీడీ కాల్చేవాళ్ళకి ఇంకా ఎక్కువ, మా అమ్మమ్మలా అడ్డచుట్ట కాల్చినా అంతే. ఆ నాలుగో రోజు మీరు ఒడ్డు మీద ఉండాలి. రూట్ కెనాల్‌కి రెండు మూడు సార్లు రావాల్సొస్తుంది, మొదటిసారి తెరిచాక ఒకటి రెండు రోజులు నొప్పి రేగడం మామూలే, అందుకని జూన్ 13న మొదలెట్టించుకోకండి. పూర్తి కాకపోతే కనీసం లోపల మందు పెట్టి పైన గట్టిగా సీల్ చేయించుకోండి, తెరిచిన పన్నులో దూది కుక్కుకుని వెళ్ళొద్దు. షుగరున్నవాళ్ళు ముందు షుగరు చూపించుకోండి, చీము ఉంటే షుగరు పెరుగుతుంది, షుగరు పెరిగితే చీము ఆగదు.

అన్నీ చేసినా నడిసముద్రంలో వచ్చిందనుకోండి. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించండి. బుగ్గ మీద బయట నుంచి కాపడం పెట్టకండి, చీము చర్మం వైపు లాగుతుందని మేం వద్దంటాం. చిగురు మీద నొప్పి మాత్ర పెడితే అక్కడ తెల్లగా కాలుతుంది, లవంగ నూనె ధారగా పోసుకున్నా అంతే. నొప్పికి పారాసెటమాల్ 650 ఆరు గంటలకోసారి, దాంతో పాటు అన్నం తిన్నాక ఐబుప్రొఫెన్ 400 రోజుకి మూడుసార్లు వరకు వేసుకోవచ్చు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, రక్తం పలచనయ్యే మాత్రలు వాడేవాళ్ళు ఐబుప్రొఫెన్ జోలికి పోకూడదు. యాంటీబయాటిక్ అయితే బయల్దేరే ముందే డాక్టరు చూసి మీకు రాసిచ్చినదే పెట్టుకోండి, పక్క కలాసీది కాదు, మెట్రోనిడజోల్ కూడా రాసుంటే ఆ రోజుల్లో సారా ముట్టొద్దు. మా బావకి ఇప్పుడు నేను పెట్టిన రూలు ఇది: వాపుకి మొదటి యాంటీబయాటిక్ మింగిన గంటే బోటు ఒడ్డు వైపు తిరగాలి, మూడో రోజు దాకా చూద్దామని లేదు.

మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాలి, అది మామూలు. రెండు కూడా పట్టకపోతే, ఉమ్మి మింగలేక కారిపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే, నాలుక కింద గట్టిగా పైకి లేచినట్టుంటే, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటుంటే, కన్ను మూసుకుపోతుంటే ఆగొద్దు, సిగ్నల్ తగలగానే 108కి, ఒడ్డున ఇంట్లోవాళ్ళకి చెప్పండి, వీహెచ్ఎఫ్ రేడియో ఉంటే దాంట్లో సాయం అడగండి. మనిషిని పడుకోబెట్టకండి, కూర్చోబెట్టే తీసుకురండి. దిగగానే పన్ను డాక్టరు దగ్గరికి కాదు, విశాఖ కేజీహెచ్ క్యాజువాలిటీ లాంటి పెద్దాసుపత్రికే, ఎందుకంటే ముందు ఊపిరి దారి చూసేవాళ్ళు కావాలి. మింగిన మాత్రల ఖాళీ స్ట్రిప్‌లు పారెయ్యకుండా ఒక కవర్లో పెట్టి, ఎప్పుడెప్పుడు వేసుకున్నారో దానిమీద రాసి తేండి. మా బావ ఖాళీ స్ట్రిప్‌లు సముద్రంలో పడేసి "ఏవో తెల్ల బిళ్ళలమ్మా" అన్నాడు ఆ తెరుచుకోని నోటితో.