సెషన్ అంచనా తప్పలేదు, మరి డబ్బు ఎందుకు పోయింది?

సమస్య: ఐపీఎల్ మ్యాచ్‌లో అయిదు ఓవర్లకు స్కోరు 41. ఆరు ఓవర్ల సెషన్‌కు, అంటే ఆ ఓవర్లలో మొత్తం ఎన్ని పరుగులు వస్తాయనే పందేనికి, తెర మీద ‘నో 47, యస్ 49’ అని కనబడింది. పరుగులు బాగానే వస్తాయని ఒకరు యస్ వైపు, పెద్దగా రావని మరొకరు నో వైపు చెరి వంద రూపాయలు పెట్టారు. ఆరో ఓవర్లో ఏడు పరుగులు వచ్చి స్కోరు 48 దగ్గర ఆగింది. ఇద్దరూ ఓడిపోయారు. లెక్క తారుమారు చేశారని ఇద్దరూ గొడవకు దిగారు.

మొదట చూడవలసినది: ఎక్స్‌ట్రాలు. సెషన్ అంటే నిర్ణీత ఓవర్లలో జట్టు ఖాతాలో చేరిన మొత్తం పరుగులు; వైడ్లు, నోబాల్స్, బైలు, లెగ్‌బైలు అన్నీ అందులో కలుస్తాయి. బ్యాటర్ల పరుగులు మాత్రమే కూడుకుని వాదనకు వచ్చేవారు ఇప్పటికీ తగ్గలేదు. స్కోరుకార్డు తెరిచి చూస్తే సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి.

అసలు కారణం: రెండు అంకెల మధ్య ఖాళీ. పై ఉదాహరణలో ఎక్స్‌ట్రాల లెక్క సరిగ్గానే ఉంది. యస్ 49 అంటే 49 గానీ అంతకు మించి గానీ రావాలి. నో 47 అంటే 47 కంటే తక్కువ, అనగా 46 లోపే ఆగాలి. ఈ రెండో భాగాన్నే చాలామంది సరిగ్గా చదవరు. 47 వచ్చినా నో గెలుస్తుందని అనుకుంటారు. 47 లేదా 48 వస్తే యస్ వేసినవారూ ఓడుతారు, నో వేసినవారూ ఓడుతారు, ఇద్దరి డబ్బూ పందెం నడిపేవాడికే చేరుతుంది. వాడు ఎవరినీ మోసగించనక్కరలేదు, ఆ ఖాళీయే వాడి ఆదాయం.

ఆ ఖాళీ ఖరీదు ఎంతో చూద్దాం. స్కోరు ఆ రెండు అంకెల మీద నూటికి పదిసార్లు ఆగుతుందని, మిగిలిన తొంభై సార్లు రెండు వైపులా సమానంగా పంచుకుంటాయని అనుకోండి. గెలిస్తే వంద, ఓడితే వంద అయినప్పుడు యస్ వేసినవారు 45 సార్లు గెలిచి 55 సార్లు ఓడుతారు. నూరు పందేలకు నికర నష్టం వెయ్యి రూపాయలు. నో వేసినవారికీ అంతే. వికెట్ పడగానే నిర్వాహకులు ఈ దూరాన్ని పెంచడం కూడా మామూలే, అయినా అప్పుడు అందరి కళ్లూ రీప్లే మీదే ఉంటాయి.

పరిష్కారం: ఒక అంకెను కాక రెండింటినీ చదవండి. నో అంకె నుంచి యస్ అంకెకు ఒకటి ముందు వరకు ఉన్న పరుగులన్నీ ఇద్దరూ ఓడే పరుగులే. రెండు వైపులా ఒకే అంకె ఉంటే ఖాళీ ఉండదు గానీ, అప్పుడు రేట్లు మారతాయి: యస్ వైపు వందకు తొంభై మాత్రమే లాభం వస్తుంది, నో వైపు వంద గెలవడానికి నూటపది పెట్టాలి.

బ్రిటన్ వంటి చోట్ల లైసెన్సు ఉన్న సంస్థలు చూపే ఓవర్-అండర్‌లో, అంటే స్కోరు ఒక గీతకు పైన ఆగుతుందా కింద ఆగుతుందా అనే పందెంలో, గీత 47.5 మీద ఉంటుంది. అర పరుగు ఎవరూ తీయరు కనుక మధ్యలో చిక్కుకునే స్కోరే లేదు. అయితే కోత ధరలో దాగి ఉంటుంది. రెండు వైపులా ధర 1.83 ఉంటే, వంద పెట్టి గెలిచినప్పుడు చేతికి 183 వస్తాయి, లాభం 83. సరిగ్గా సగం సార్లు గెలిచినవారు నూరు పందేల మీద 850 నష్టపోతారు. నష్టం లేకుండా ఉండాలంటే నూటికి 55 సార్లు గెలవాలి.

ఆటగాడి పరుగుల పందెంలో చిక్కు వేరు. అక్కడ లెగ్‌బైలు లెక్కకు రావు. ఆటగాడు తుది జట్టులో లేకపోతే సాధారణంగా డబ్బు తిరిగి వస్తుంది. ఒక్క బంతి ఆడి గాయంతో వెళ్లిపోతే మాత్రం చాలా సంస్థల్లో పందెం రద్దు కాదు, నిలిచే ఉంటుంది. వానతో ఓవర్లు తగ్గిన సందర్భాలకు ప్రతి సంస్థకూ తన నియమం ఉంటుంది, దాన్ని ముందే చదవాలి. స్కోరర్ పొరపాటు, ఆలస్యంగా దిద్దిన స్కోరు వంటివి అరుదు. వాటి వెంట పడి కాలం వృథా చేయకండి.

ఇక ‘యస్-నో’ పద్ధతి మన దేశంలో ఎక్కువగా నడిచేది చట్టానికి వెలుపలే. ఆన్‌లైన్ పందేలను అరికట్టడానికి తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందమే చెల్లదు. కాబట్టి ఇక్కడ 48 దగ్గర ఓడిన ఇద్దరిలో ఎవరూ కోర్టుకు వెళ్లి ఆ వంద రాబట్టుకోలేరు. ఒకవేళ గెలిచి ఉన్నా, ఏజెంటు ఇవ్వనంటే చేయగలిగింది ఏమీ లేదు.