ముసురు పట్టకముందే: పిల్లల ఊపిరి లెక్కలో జాగ్రత్తలు

దసరా వెళ్లి ముసురు పట్టిందంటే ఉదయగిరి, కలిగిరి వైపు సబ్ సెంటర్ల వరండా నిండా దగ్గే. వచ్చే పిల్లల్లో ఎక్కువమందిది మామూలు జలుబు, దానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. వాళ్ల మధ్యలో నిమోనియా ఉన్న బిడ్డని ఎక్స్‌రే లేకుండా పట్టుకోవాలంటే మన దగ్గరున్నవి వాచీ, కళ్లు, అంతే. అందుకే ఆ రెండూ వాడే పద్ధతి వానలకు ముందే ఒకసారి సరిచూసుకుందాం.

నిమిషంలో ఎన్నిసార్లు ఊపిరి తీస్తే ఎక్కువ అనేది వయసును బట్టి మారుతుంది. రెండు నెలల లోపు బిడ్డకి 60, రెండు నెలలు నిండి ఏడాది లోపు అయితే 50, ఏడాది నిండి ఐదేళ్ల లోపు అయితే 40. ఆ అంకె తగిలినా, దాటినా వేగంగా ఉన్నట్టే. 44 వచ్చిందనుకోండి, పదకొండు నెలల బిడ్డకి అది మామూలే, పదమూడు నెలల బిడ్డకి కాదు. కాబట్టి "ఏడాది ఉంటుందిలే" అంటే ఊరుకోకుండా టీకాల కార్డులో పుట్టిన తేదీ చూడండి.

లెక్క నిండా నిమిషం పెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించేస్తే ఒక్క ఊపిరి తేడా నాలుగు అవుతుంది, పైగా పసిపిల్లల ఊపిరి ఎప్పుడూ ఒకే వేగంతో ఉండదు. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క వద్దు. తల్లి ఒళ్లోనే ఉంచి, చొక్కా పైకి తీసి, పొట్టో ఛాతీయో ఏది బాగా కదులుతుంటే దాన్నే చూస్తూ లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకి 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఇంకోసారి లెక్కపెట్టాలి. రెండోసారీ అలాగే ఉంటే ఊళ్లో వైద్యం కాదు, పెద్దాసుపత్రే.

అంకె చూసి ఆగిపోవడం అసలు ప్రమాదం. ఒక కేసు అనుకుందాం. పదకొండు నెలల బాబు, మూడు రోజులుగా దగ్గు, జ్వరం. స్వెట్టరు, టోపీ, పైన దుప్పటి. వచ్చినప్పుడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, అప్పుడు 64 వచ్చింది. ఆ అంకె పనికిరాదు. కాసేపటికి నిద్రపోయాడు, మళ్లీ చూస్తే 46. యాభై లోపే కదా అని సిరప్ రాసి పంపేయాలనిపిస్తుంది. కానీ స్వెట్టరు పైకి తీస్తే ఊపిరి లోపలికి తీసుకున్న ప్రతిసారీ కింది పక్కటెముకల దగ్గర ఛాతీ లోపలికి పోతోంది. "రాత్రి నుంచీ డొక్కలు ఎగరేస్తానే ఉండాడమ్మా" అని నాయనమ్మ ఇందాకే చెప్పింది, మనమే వినలేదు.

మామూలుగా ఊపిరి తీసుకుంటే ఛాతీ, పొట్ట రెండూ పైకి లేస్తాయి. ఇక్కడ పొట్ట లేస్తుంటే కింది ఛాతీ లోపలికి లాగుతుంది. ఏడ్చినప్పుడు మాత్రమే కనిపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోం, నెమ్మదిగా ఉన్నప్పుడు కూడా ప్రతి ఊపిరికీ కనిపించాలి. బిడ్డ నడుము దగ్గర వంగి ఉంటే తెలియదు, ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి చూడండి.

ఇప్పుడు లేపి పాలివ్వమంటే రెండు గుక్కలు పీల్చి వదిలేశాడు, మళ్లీ పట్టుకోలేదు, కళ్లు మూతలు పడుతున్నాయి. ఇక లెక్కతో పని లేదు. తాగలేకపోవడం, తిన్నదంతా కక్కేయడం, ఫిట్స్, లేపినా సరిగా లేవకుండా మత్తుగా ఉండటం, వీటిలో ఒక్కటున్నా తీవ్రమైన జబ్బే. నెమ్మదిగా ఉన్నప్పుడు కూడా ఊపిరి తీస్తుంటే గొంతులో గరగరమని చప్పుడొచ్చినా, ఆక్సిజన్ 90 కంటే తక్కువున్నా అంతే. అలసిపోయిన బిడ్డకి ఊపిరి వేగం తగ్గుతుంది కూడా, అది మెరుగు అనుకోవద్దు. ఆక్సిమీటరు చూసేటప్పుడు పెద్దవాళ్ల క్లిప్పు చిన్న వేలికి తగిలిస్తే తప్పు అంకె చూపిస్తుంది, పిల్లల ప్రోబ్ ఉంటేనే నమ్మండి.

ఇలాంటి బిడ్డని పెద్దాసుపత్రికి పంపేముందు మీ ప్రోటోకాల్‌లో ఉన్న మొదటి డోసు యాంటీబయాటిక్ బరువు చూసి ఇవ్వండి, ఆక్సిజన్ ఉంటే పెట్టండి, ఒళ్లు చల్లబడకుండా చూడండి. మింగలేని బిడ్డ నోట్లో పాలు, మందు ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చీటీలో శ్వాస ఎంత, ఎన్ని గంటలకి లెక్కపెట్టారు, ఏ మందు ఎంత ఇచ్చారు రాయండి. 108కి ఫోన్ చేసేటప్పుడే పిల్లవాడికి ఆక్సిజన్ కావాలని చెప్పండి. వానకి వాగు పొంగితే ఏ దారిన పోవాలో ముందే అనుకోవాలి. నెల్లూరు చేరేసరికి రెండు గంటలు పట్టే ఊళ్లు మనకి చాలానే ఉన్నాయి.

రెండు నెలలు నిండిన బిడ్డకి ప్రమాద చిహ్నాల్లేకుండా వేగం మాత్రమే ఉంటే అమాక్సిసిలిన్ ఇచ్చి ఇంటికి పంపొచ్చు. డొక్కలు కూడా ఎగరేస్తుంటే మాత్రం ఆరోజే డాక్టరు చూడాలి, ఇంటి దగ్గర వైద్యమా కాదా అన్నది ఆయనే తేలుస్తారు. ఇంటికి పంపినవాళ్లని రెండో రోజు తప్పకుండా రమ్మనండి. పాలు మానేసినా, ఆయాసం పెరిగినా ఆ రెండో రోజు దాకా ఆగకుండా రాత్రయినా సరే రావాలని తల్లికే కాదు, నాయనమ్మకీ చెప్పండి. బండి కట్టించేది చాలా ఇళ్లలో ఆమే.